పది లక్షలు, నలభై శాతం, నాలుగు, ఆరు

2017 ఆగస్టులో ‘నేచర్’ పత్రికలో ఒడిశా పల్లెల పసిబిడ్డల మీద జరిగిన ఒక అధ్యయనం అచ్చయింది. పినాకి పాణిగ్రాహి నాయకత్వంలో అమెరికా, భారత పరిశోధకులు కలిసి చేసిన పని అది. వ్యాసం మొదట్లో ఉండే సారాంశం ఒకే ఒక్క పేరా. ఒక పరిశోధన సారాంశాన్ని మామూలు పాఠకుడు ఆసక్తిగా చదివేలా రాయడం ఎలా, అలా రాస్తూ అందులో లేనిది చెప్పకుండా ఉండడం ఎలా అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. ఉత్సాహం కలిగించే ఫలితం, పొరపాటుకు తావిచ్చే వాక్యాలు, ఆ పొరపాటును ఆపే అంకెలు అన్నీ ఆ ఒక్క పేరాలోనే ఉన్నాయి.

ముందు ఆ పేరా ఏం చెబుతుందో మామూలు మాటల్లో చూద్దాం. పుట్టిన తొలి నెలల్లో వచ్చే సెప్సిస్ వల్ల, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే స్థితి వల్ల, ప్రపంచంలో ఏటా పది లక్షల మంది శిశువులు చనిపోతున్నారు. ఎక్కువ మరణాలు పేద దేశాల్లోనే. దీన్ని రాకుండా ఆపే సమర్థమైన మార్గం ప్రస్తుతం లేదు. అందుకని లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాను, దానికి ఆహారమయ్యే ఒక రకం చక్కెరతో కలిపి, గ్రామీణ భారతంలో పుట్టిన బిడ్డలకు నోటి ద్వారా ఇచ్చి చూశారు. ఇలాంటి జోడీని సిన్‌బయోటిక్ అంటారు. మొత్తం 4,556 మంది బిడ్డలు. అందరూ కనీసం రెండు కిలోల బరువుతో, కనీసం 35 వారాలు గర్భంలో ఉండి, చేర్చుకునే నాటికి సెప్సిస్ గానీ ఇంకో జబ్బు గానీ లేకుండా ఉన్నవాళ్లు. ఎవరికి మందు, ఎవరికి మందులేని ఉత్త పొడి అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. 60 రోజులు గమనించారు. సెప్సిస్, మరణం ఈ రెండింటినీ కలిపి లెక్కించిన ఫలితం మందు ఇచ్చిన జట్టులో గణనీయంగా తగ్గింది. రిస్క్ రేషియో 0.60, దాని అంతరం 0.48 నుంచి 0.74. మరణాలు కొద్దే: ఉత్త పొడి జట్టులో నాలుగు, మందు జట్టులో ఆరు. రక్తపరీక్షలో సూక్ష్మజీవి దొరికిన సెప్సిస్, దొరకని సెప్సిస్, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. పేద దేశాల్లో నవజాత శిశువుల సెప్సిస్‌లో పెద్ద భాగాన్ని ఈ పద్ధతితో నివారించే వీలుందని ఈ ఫలితాలు సూచిస్తున్నాయన్నది చివరి వాక్యం.

ఇప్పుడు దీన్నుంచి అరగంటలో ఒక పత్రికా కథనం తయారు చేయమంటే ఎలా ఉంటుందో ఊహించి రాస్తాను.

‘ఏటా పది లక్షల మంది పసికందులను బలిగొంటున్న సెప్సిస్‌కు విరుగుడు దొరికింది. పెరుగులో ఉండే మంచి బ్యాక్టీరియాను వారం రోజులు పట్టిస్తే చాలు, సెప్సిస్ మరణాలు 40 శాతం తగ్గుతాయని ఒడిశాలో జరిగిన అధ్యయనం తేల్చింది. అంటే ఏటా నాలుగు లక్షల ప్రాణాలు నిలుస్తాయన్నమాట.’

చదవడానికి హాయిగా ఉంది. మొదటి వాక్యంలోనే ప్రాణాపాయం, రెండో వాక్యంలో ఉపాయం, మూడో వాక్యంలో విజయం. రాసినవాడు కావాలని అబద్ధమాడలేదు కూడా. పది లక్షలు సారాంశంలో ఉన్న అంకె. 0.60 అంటే 40 శాతం తగ్గుదల అన్నది సరైన లెక్క. పది లక్షల్లో 40 శాతం నాలుగు లక్షలే. కానీ ఈ మూడు వాక్యాల్లో అధ్యయనం కనుగొన్నది దాదాపు ఏమీ లేదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, రెండు నిజాలను పక్కపక్కన పెట్టి వాటి మధ్య లేని చుట్టరికం కలపడంలో జరిగింది. పది లక్షలు అన్నది ఈ పరిశోధకులు కొలిచిన సంగతి కాదు. అది నేపథ్యం. ఎందుకు ఈ పనికి పూనుకున్నామో చెప్పడానికి వేరే చోటి నుంచి తెచ్చుకున్న అంచనా. దాదాపు ప్రతి సారాంశమూ ఇలాంటి ఒక పెద్ద అంకెతోనే మొదలవుతుంది. దాని పని అక్కడితో అయిపోయింది. 40 శాతం అన్నది ఒడిశాలో కొలిచిన సంగతి. మొదటిది మరణాల లెక్క, రెండోది ముఖ్యంగా జబ్బు లెక్క. మొదటిది ప్రపంచంలోని అన్ని రకాల శిశువులది. రెండోది రెండు కిలోలు దాటి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డలది. ఈ రెంటినీ గుణించగానే నాలుగు లక్షలు అనే మూడో అంకె పుడుతుంది. ఆ అంకె సారాంశంలో ఎక్కడా లేదు.

అందుకని నేను సారాంశం చేతికి రాగానే చేసే మొదటి పని దాన్ని రెండు రంగుల పెన్సిళ్లతో గీయడం. పరిశోధకులు తామే కొలిచిన వాక్యాలకు ఒక రంగు, మిగతావాటికి ఇంకో రంగు. మిగతావి అంటే ముందు వచ్చే నేపథ్యం, చివర వచ్చే ఆశ. ఒడిశా అధ్యయనం సారాంశంలో మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం ఒక రంగులోకి పోతాయి. మధ్యలో ఉన్నదే అసలు సరుకు. కథనం రాసేటప్పుడు రెండు రంగుల వాక్యాలనూ వాడుకోవచ్చు, కానీ రెండు రంగులు ఒకే వాక్యంలో కలవకూడదు. పైన రాసిన మూడు వాక్యాలను ఈ పెన్సిళ్లతో గీసి చూస్తే ప్రతి వాక్యంలోనూ రెండు రంగులూ కనిపిస్తాయి.

ఇక మరణాల సంగతి. ఈ సారాంశంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆపేది ఆ కుండలీకరణాల్లోని నాలుగు, ఆరు. పరిశోధకులు నిజాయితీగా ఆ అంకెలను దాచకుండా సారాంశంలోనే పెట్టారు. ఐనా ‘సెప్సిస్, మరణం కలిపి 40 శాతం తగ్గాయి’ అన్న మాట వినగానే మనసు మరణాలు కూడా 40 శాతం తగ్గాయని అర్థం చేసుకుంటుంది. వైద్య పరిశోధనల్లో ఇలా రెండు మూడు సంఘటనలను కలిపి ఒకే ఫలితంగా లెక్కించడం మామూలే. సెప్సిస్ వచ్చిందని నమోదయ్యేలోపే బిడ్డ చనిపోతే ఆ బిడ్డ లెక్కలోంచి జారిపోకూడదు కదా, అందుకు మరణాన్నీ కలుపుతారు. ఇది సరైన పద్ధతే. కానీ ఇక్కడ కలిపిన మొత్తంలో మరణాలు రెండు జట్లలోనూ కలిపి పదే. మిగిలిన మూడు వందల పైచిలుకు సంఘటనలూ సెప్సిస్‌వే. కాబట్టి తగ్గింది సెప్సిస్. మరణాలు తగ్గలేదు, అంకెల్లో చూస్తే మందు జట్టులో రెండు ఎక్కువే ఉన్నాయి.

ఇక్కడ ఇంకో గోతిలో పడే ప్రమాదమూ ఉంది. ‘మందు తీసుకున్నవాళ్లలో ఎక్కువ మంది చనిపోయారు’ అని రాస్తే అది కూడా అతిశయోక్తే, రెండో వైపు నుంచి. ఒక్కో జట్టులో రెండు వేల మందికి పైగా బిడ్డలున్నప్పుడు నాలుగుకూ ఆరుకూ మధ్య తేడా యాదృచ్ఛికంగా రావడం చాలా మామూలు విషయం. ఇంత తక్కువ మరణాల నుంచి మందు ప్రాణాలు కాపాడుతుందనీ చెప్పలేం, తీస్తుందనీ చెప్పలేం. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డలనే చేర్చుకున్నారు, జబ్బు లక్షణాల కోసం రెండు నెలలు కనిపెట్టి చూశారు. అలాంటి చోట మరణాలు తక్కువగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. కథనంలో రాయాల్సిన వాక్యం చిన్నది: మరణాలు చాలా కొద్దిగా ఉండడం వల్ల ప్రాణాలు నిలిచాయో లేదో ఈ అధ్యయనం చెప్పలేదు. ఈ వాక్యం కథనం నీరసపడేలా చేస్తుందని భయపడి చాలామంది తీసేస్తారు. నాకు మాత్రం అది పాఠకుడి మీద గౌరవం చూపే వాక్యమనిపిస్తుంది. బిడ్డల ప్రాణాల గురించి రాస్తున్నప్పుడు ప్రాణాల లెక్క చెప్పకపోతే ఎలా?

తర్వాత 40 శాతం. ఈ అంకె తప్పు కాదు, కానీ ఒంటరిగా ఉంటే ఎవరికీ ఏమీ చెప్పదు. వందలో ఎనభై మందికి వచ్చే జబ్బు నలభై ఎనిమిదికి తగ్గినా 40 శాతమే, లక్షలో ఐదుగురికి వచ్చేది ముగ్గురికి తగ్గినా 40 శాతమే. దేన్నుంచి దేనికి తగ్గిందో చెప్పాలి. ఆ వివరం పూర్తి వ్యాసంలో ఉంది: ఉత్త పొడి తీసుకున్నవాళ్లలో 9 శాతం, సిన్‌బయోటిక్ తీసుకున్నవాళ్లలో 5.4 శాతం. దీన్ని నేను మనుషుల్లోకి మారుస్తాను. వెయ్యి మంది బిడ్డలున్నారనుకోండి. మందు లేకుండా వాళ్లలో 90 మందికి జబ్బు చేసింది. మందుతో 54 మందికి. అంటే వెయ్యిలో 36 మందికి జబ్బు తప్పింది. 910 మందికి మందు లేకపోయినా జబ్బు రాలేదు, 54 మందికి మందు ఉన్నా వచ్చింది. ఒక బిడ్డకు సెప్సిస్ తప్పించడానికి సుమారు 27 లేదా 28 మంది బిడ్డలకు ఆ పొడి ఇవ్వాల్సి వచ్చింది. వారం రోజుల చవక మందుకు ఇది నిజంగా గొప్ప ఫలితం. 40 శాతం అనే పెద్ద అంకె కన్నా ఈ 28 మంది బిడ్డల లెక్క నాకు ఎక్కువ సజీవంగా కనిపిస్తుంది, ఎందుకంటే చదివేవాళ్లు తమ ఊళ్లో ఈ ఏడాది పుట్టిన బిడ్డలను తలచుకోగలరు.

రిస్క్ రేషియో పక్కన ఉన్న 0.48, 0.74 అన్న రెండు అంకెలను కథనాల్లో దాదాపు ఎవరూ వాడరు. వాటి అర్థం కష్టమైనదేమీ కాదు. ఈ ప్రయోగంలో తేలింది 40 శాతం తగ్గుదల. కానీ ఇంత మంది బిడ్డల నుంచి వచ్చిన లెక్కలో కొంత అటూ ఇటూ తప్పదు. అసలు ప్రభావం 26 శాతం తగ్గుదల దగ్గర ఉన్నా, 52 శాతం దగ్గర ఉన్నా ఈ సమాచారంతో పొసగుతుంది. ఇది పాఠకుడికి చెప్పడానికి ‘కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్’ అన్న పేరు అవసరం లేదు. ‘నాలుగోవంతు నుంచి సగం దాకా’ అంటే చాలు. అలా అనడంలో ఇంకో లాభముంది: తక్కువ అంచనా వేసినా నాలుగోవంతు తగ్గుదల మిగులుతుందన్న ధైర్యం కూడా పాఠకుడికి అందుతుంది.

సారాంశంలో లేని ఒక సంగతి పూర్తి వ్యాసం చదివితేనే తెలుస్తుంది. ప్రయోగాన్ని పర్యవేక్షించే స్వతంత్ర బృందం మధ్యలో లెక్కలు చూసి, మేలు స్పష్టంగా కనిపిస్తోందని, మొదట అనుకున్నంత మంది బిడ్డలను చేర్చుకోకముందే ప్రయోగాన్ని ఆపించింది. సగం మంది బిడ్డలకు ఉత్త పొడి ఇస్తున్నప్పుడు ఇది నైతికంగా అర్థమయ్యే నిర్ణయం. కానీ మేలు కనిపించగానే ఆపేసిన ప్రయోగాల్లో ఆ మేలు అసలుకన్నా కాస్త పెద్దదిగా కనిపించే ధోరణి ఉంటుందని గణాంకవేత్తలకు తెలుసు. అంకెలు పైకీ కిందకీ ఊగుతూ ఉంటాయి, పైకి ఊగిన క్షణంలో ఆపితే ఆ ఎత్తే నమోదవుతుంది. సారాంశం మాత్రమే చదివి రాసేవాళ్లకు ఈ జాగ్రత్త దొరకదు. సారాంశం నుంచి రాయడమంటే సారాంశంతో ఆగిపోవడం కాదు. కనీసం పట్టికలు, పద్ధతుల భాగం, చివర పరిశోధకులు తామే ఒప్పుకున్న పరిమితులు చూడాలి.

నా ఊహా కథనంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట నాలుగు లక్షలు కాదు, పెరుగు. లాక్టోబాసిల్లస్ అన్న పేరు చూడగానే తెలుగు రచయిత చేతికి పెరుగు, మజ్జిగ వాటంతటవే వచ్చేస్తాయి. పాఠకుడికి దగ్గరగా ఉంటుందన్న సదుద్దేశమే. కానీ ప్రయోగంలో ఇచ్చింది పెరుగు కాదు. ప్లాంటారమ్ జాతిలో కూడా ఏటీసీసీ 202195 అని నమోదైన ఒకే ఒక్క రకం, మోతాదుకు సుమారు వంద కోట్ల బ్యాక్టీరియా ఉండేలా, చక్కెరతో కలిపి, శుభ్రమైన పద్ధతిలో తయారు చేసిన పొడి. వరి రకాలన్నీ వరే అయినా బీపీటీ 5204 మీద వచ్చిన దిగుబడి లెక్క స్వర్ణకు వర్తించదు కదా, బ్యాక్టీరియాలో రకం కూడా అలాంటిదే. పాణిగ్రాహి బృందం ఈ రకాన్ని తోచినట్టు ఎంచుకోలేదు. అంతకుముందు, 2008లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, వారం రోజులు ఇస్తే అది చాలామంది శిశువుల పేగుల్లో కొన్ని నెలల పాటు నిలదొక్కుకుందని చూపించారు. తక్కిన బ్యాక్టీరియా చాలావరకు ఇవ్వడం ఆపగానే పోతాయి.

ఇప్పుడు ఆ కథనం ఒక ఇంట్లో చదివారనుకోండి. బిడ్డ పుట్టి నాలుగు రోజులైంది. పుట్టగానే తేనె నాకించడం, పంచదార నీళ్లు పట్టడం వంటి అలవాట్లు మన ఇళ్లలో పూర్తిగా పోలేదు. ‘పేపర్లో వేశారు, పెరుగులో మంచి బ్యాక్టీరియా ఉంటుందట, ఒక్క చుక్క నాకించవే’ అని అమ్మమ్మ అంటే కూతురు కాదనగలదా? తల్లిపాలు తప్ప ఇంకేదీ ఇవ్వకూడని రోజుల్లో శుభ్రం తెలియని పెరుగు బిడ్డ పేగుల్లోకి పోతుంది. సెప్సిస్ నివారణ గురించి రాసిన కథనమే ఇన్ఫెక్షన్‌కు దారి తీయొచ్చు. అందుకే ఈ కథనంలో ‘పెరుగుతో, మందుల షాపులో దొరికే ప్రొబయాటిక్ పొడులతో ఈ అధ్యయనానికి సంబంధం లేదు’ అన్న వాక్యం తప్పనిసరి. అది కింద చిన్న అక్షరాల్లో కాదు, బ్యాక్టీరియా పేరు మొదటిసారి వచ్చిన చోటే ఉండాలి.

అదే జాగ్రత్త బిడ్డల విషయంలోనూ కావాలి. ప్రయోగంలో ఉన్నది 35 వారాలు దాటిన, రెండు కిలోలు దాటిన, జబ్బు లేని బిడ్డలు. సెప్సిస్ భయం అందరికన్నా ఎక్కువగా ఉండేది 35 వారాలు కూడా నిండకుండా, చాలా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు. వాళ్లు ఈ ప్రయోగంలో లేరు. అలాంటి బిడ్డలకు ఆసుపత్రుల్లో ప్రొబయాటిక్‌లు ఇవ్వడం గురించి 2023లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా జారీ చేసింది. మేలు కోసం ఇచ్చిన సూక్ష్మజీవే వాళ్ల రక్తంలోకి చేరి ప్రాణాపాయం తెచ్చే ముప్పు ఉందన్నది దాని సారం. అవి ఇంకో రకం ఉత్పత్తులు, ఇంకో రకం బిడ్డలు. అయినా ‘పసిబిడ్డలకు మంచిది’ అని టోకుగా రాయకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు. పక్క రాష్ట్రమే కాబట్టి ఇచ్ఛాపురం ఇవతల కూడా ఇలాగే పనిచేస్తుందని అనుకోవడం సహజం. పనిచేయొచ్చు కూడా. కానీ పరీక్షించింది ఒడిశా పల్లెల్లోనే కాబట్టి, ఇక్కడి ఆసుపత్రి కాన్పుల్లో, ఇక్కడి యాంటీబయాటిక్ వాడకంలో ఏమవుతుందన్నది ఇంకా ప్రశ్నే.

ఇలా టోకుగా చెప్పే పొరపాటుకు వాక్యంలో ఒక తేలికైన మందు ఉంది: భూతకాలం. ‘సిన్‌బయోటిక్ సెప్సిస్‌ను తగ్గిస్తుంది’ అంటే ఎప్పటికీ, ఎక్కడైనా, ఎవరికైనా అని అర్థం. ‘ఒడిశా పల్లెల్లో ఆరోగ్యంగా పుట్టిన బిడ్డల్లో సెప్సిస్ తగ్గింది’ అంటే అక్కడ జరిగిన సంగతి. రెండో వాక్యంలో ఊరుంది, మనుషులున్నారు, జరిగిన పని ఉంది. అది నిజానికి దగ్గరగా ఉండడమే కాదు, చదవడానికి కూడా బాగుంటుంది.

సారాంశంలోని రెండో వాక్యం దగ్గరా కాస్త ఆగాలి. సమర్థమైన నివారణ మార్గం లేదన్నది పరిశోధకులు తోటి పరిశోధకులకు చెబుతున్న మాట. దాన్ని యథాతథంగా దించితే శుభ్రమైన కాన్పు, బొడ్డుతాడు శుభ్రత, చేతులు కడుక్కోవడం, తల్లిపాలు అన్నీ దండగ అని తల్లి అర్థం చేసుకోగలదు. ఈ జాగ్రత్తలన్నీ ఉన్నా జబ్బు ఇంకా మిగిలే ఉందని రాయాలి.

మరి అన్నిటికీ కోత పెడితే కథనంలో జీవం ఎక్కడిది? అది ఫలితాన్ని పెద్దది చేసి చూపడంలో లేదు, ఆ పని జరిగిన తీరులో ఉంది. నాలుగున్నర వేల మంది పసిబిడ్డలను పల్లెల్లో వెతికి, తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, వారం రోజులు వరసగా పొడి అందించి, రెండు నెలల పాటు ఏ బిడ్డనూ జారవిడవకుండా చూడడం ఎంత పెద్ద పనో ఊహించండి. జ్వరంగా ఉందన్న కబురు రాగానే బిడ్డను ఆసుపత్రికి చేర్చాలి, నెలల బిడ్డ చేతి నుంచి రక్తం తీయాలి, అందులో సూక్ష్మజీవి పెరుగుతుందేమో ప్రయోగశాలలో చూడాలి. చాలాసార్లు ఏమీ పెరగదు, ఐనా లక్షణాలను బట్టి డాక్టర్లు సెప్సిస్ అని నిర్ణయించాల్సి వస్తుంది. సారాంశంలో సూక్ష్మజీవి దొరికిన సెప్సిస్, దొరకని సెప్సిస్ అని రెండు రకాలు ఉన్నది అందుకే. రెండూ తగ్గాయన్నది ఫలితానికి బలం.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఊపిరితిత్తుల వాక్యం. మందు వేసింది నోట్లో, అది చేరింది పేగుల్లోకి. తగ్గినవాటిలో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా ఉన్నాయి. పేగులో కుదురుకున్న బ్యాక్టీరియా శరీరం మొత్తం రోగనిరోధక శక్తికి శిక్షణ ఇస్తుందా? పరిశోధకులు అలా అనుకోవడానికి కారణాలున్నాయి. కానీ ఈ ప్రయోగం దాన్ని కొలవలేదు. ఇక్కడ కథనం ఆ ప్రశ్నను ప్రశ్నగానే వదలాలి. జవాబు లేని ప్రశ్న పాఠకుడికి నచ్చదన్న భయం అనవసరం. పేగులో వేసిన మందు ఊపిరితిత్తుల్లో ఎందుకు కనిపించిందన్న ప్రశ్న వెంటబెట్టుకుపోవడానికి ఎవరికైనా సరదాగానే ఉంటుంది.

ఇవన్నీ చూసుకున్నాక నేనైతే ఈ భాగాన్ని ఇలా రాస్తాను.

‘ఒడిశా పల్లెల్లో పుట్టిన నాలుగున్నర వేల మందికి పైగా బిడ్డలకు, తొలి రోజుల్లోనే, వారం పాటు ఒక పొడిని నోటి ద్వారా ఇచ్చారు. సగం మంది పొడిలో ప్రత్యేకంగా ఎంచిన ఒక బ్యాక్టీరియా, దానికి మేతగా ఒక రకం చక్కెర ఉన్నాయి. అది పెరుగు కాదు, మందుల షాపులో దొరికే ప్రొబయాటిక్ కాదు. మిగతా సగం మంది పొడిలో ఆ రెండూ లేవు. ఏ బిడ్డకు ఏది అందిందో ఇచ్చినవాళ్లకూ తెలియదు, తల్లికీ తెలియదు. రెండు నెలలు గడిచాక లెక్క చూస్తే, ఉత్త పొడి తీసుకున్న ప్రతి వెయ్యి మందిలో 90 మంది సెప్సిస్ పాలయ్యారు. బ్యాక్టీరియా అందిన వెయ్యి మందిలో 54 మంది. తగ్గుదల సుమారు 40 శాతం. లెక్కలోని ఊగిసలాటను కలుపుకుంటే నాలుగోవంతు నుంచి సగం దాకా. ఊపిరితిత్తుల జబ్బులు కూడా ఎందుకు తగ్గాయో ఈ అధ్యయనం కొలవలేదు. ఈ బిడ్డలందరూ రెండు కిలోలు దాటి ఆరోగ్యంగా పుట్టినవాళ్లు. 35 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డల సంగతి ఈ అధ్యయనం చూడలేదు. మరణాలు ఒక జట్టులో నాలుగు, మరో జట్టులో ఆరు. ప్రాణాలు నిలుస్తాయా అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి అవి చాలవు.’

పైన ఒకచోట నేను కావాలని చిన్న సర్దుబాటు చేశాను. 90, 54 అన్నవి నిజానికి సెప్సిస్, మరణం కలిపిన లెక్కలు, నేను ‘సెప్సిస్ పాలయ్యారు’ అని రాశాను. మరణాలు ఒక్కో జట్టులో వెయ్యికి రెండు మూడుకు మించవు కాబట్టి అంకె దాదాపు మారదు. ఐనా అచ్చుకు పంపేముందు ‘సెప్సిస్ పాలయ్యారు లేదా చనిపోయారు’ అని సరిచేస్తాను. ఇలాంటి సర్దుబాట్లు చేసేటప్పుడు ఒకటే చూడాలి. దాని వల్ల ఫలితం పెద్దదవుతుందా, చిన్నదవుతుందా, అలాగే ఉంటుందా? అలాగే ఉన్నా పాఠకుడు తప్పుగా అర్థం చేసుకునే వీలుంటే మార్చాలి.

అతిశయోక్తి అంతా విలేకరులదే అనుకోవడం కూడా సరికాదు. 2014లో బీఎంజే పత్రికలో వచ్చిన ఒక పరిశీలన బ్రిటన్‌లోని 20 పెద్ద విశ్వవిద్యాలయాల 462 పత్రికా ప్రకటనలను అసలు పరిశోధనలతో పోల్చి చూసింది. మూడోవంతు ప్రకటనల్లో, రెండు విషయాలు కలిసి కనిపించాయన్న దాన్ని ఒకటి ఇంకోదానికి కారణం అన్నంత గట్టిగా చెప్పారు. ప్రకటనలోనే అలాంటి అతి ఉన్నప్పుడు వార్తల్లో 81 శాతం అలాగే రాశాయి, ప్రకటన సరిగా ఉన్నప్పుడు 18 శాతం మాత్రమే. ఇది కూడా పోలిక మీద ఆధారపడ్డ పరిశీలనే కాబట్టి, వార్తలు చెడడానికి ప్రకటనలే కారణమని దీనొక్కదాన్ని బట్టి తీర్పు ఇవ్వలేం. కానీ మన చేతికి ప్రకటన వస్తే దాన్ని పక్కన పెట్టి సారాంశం, సారాంశం వస్తే పూర్తి వ్యాసం వెతకాలన్నంత వరకు తెలుస్తుంది. ఆ పరిశీలనలోనే, అతిగా రాసిన ప్రకటనలకు పత్రికల్లో ఎక్కువ చోటు దొరికిందన్న దాఖలా కూడా కనిపించలేదు.

రాయడం పూర్తయ్యాక చేసే ఆఖరి పరీక్ష పరిశోధకులతో కాదు. ఈ విషయంతో సంబంధం లేని ఒకరికి, వీలైతే ఇంట్లో పసిబిడ్డ ఉన్నవాళ్లకు, భాగాన్ని ఇచ్చి చదవమంటాను. అర్థమైందా అని అడగను, అందరూ అయిందనే అంటారు. ‘దీన్ని బట్టి ఇప్పుడు మీరేం చేస్తారండీ?’ అని, ‘ఈ మందు వల్ల బిడ్డల చావులు తగ్గాయా?’ అని అడుగుతాను. మొదటిదానికి ‘పెరుగు నాకిస్తాం’ అనో, ‘షాపులో పొడి కొంటాం’ అనో వస్తే వాక్యాలు మార్చాలి. రెండోదానికి ‘తగ్గాయి’ అని వచ్చినా, ‘పెరిగాయి’ అని వచ్చినా మార్చాలి. ‘అది ఇందులో తేలలేదు కదా’ అన్న జవాబు వచ్చేదాకా ఆ భాగం అచ్చుకు పోకూడదు. అది పోయాక శీర్షిక పెట్టే సంపాదకుడికి కూడా అదే ప్రశ్న వేయాలి, ఎందుకంటే కథనమంతా జాగ్రత్తగా రాసి పైన ‘శిశు మరణాలకు చెక్’ అని పెద్దక్షరాల్లో వేస్తే చదివినవాళ్లకు గుర్తుండేది అదే. ఈ కథనానికి నేను పంపే శీర్షిక ఇది: ‘ఒడిశా పల్లెల్లో వారం రోజుల పొడి: తగ్గిన సెప్సిస్, మిగిలిన ప్రశ్నలు’.